నాకు ఇద్దరన్నలు, నా దగ్గర రెండు పుస్తకాలు

చార్మినారుకు పడమటి వైపున, లాడ్ బజారు దాటి కొంత దూరం వెళ్ళితే హుస్సేనీ ఆలం వస్తుంది. పాత హైదరాబాదులోని ఈ పేటలో ఒకే సందులో ఉన్న రెండిళ్ళ పిల్లలు ఒకరోజు తమ హిందీ పరీక్ష కాగితాలు తెచ్చి నాకు చూపించారు. ఇద్దరూ తొమ్మిదవ తరగతి బాలికలు. ఒకరి ఇంట్లో తెలుగు మాట్లాడుతారు, రెండవవారి ఇంట్లో దక్కనీ ఉర్దూ. ‘నీకు అన్నదమ్ములెందరు?’ అనే ప్రశ్నకు ఇద్దరూ ‘ముఝే దో భాయి హైఁ’ అని వ్రాశారు. ఇద్దరి సమాధానం మీదా ఎర్రసిరా గీత పడింది. ‘మేరే దో భాయి హైఁ’ అని వ్రాయవలసినదట.

ఒకరిని చూచి ఒకరు వ్రాసి ఉంటారని ఉపాధ్యాయులు అనుమానించారు. వారు వేరువేరు గదులలో కూర్చున్నారని తరువాత తేలింది. వేరువేరు మాతృభాషలు గల ఇద్దరు పిల్లలు ఒకే తప్పు ఎట్లా చేశారు? నేను కళాశాలలో రసాయనశాస్త్రం బోధించేవాడిని. ఒకే ఫలితం రెండుచోట్ల కనిపించినప్పుడు దానికి ఒకే కారణం ఉన్నదేమోనని వెదకడం మాకు అలవాటు. ఇక్కడ కారణం దొరికింది. అది పిల్లల అజాగ్రత్తలో లేదు. ‘నాది’ అనే భావాన్ని భాషలు ఎన్ని విధాలుగా విభజించుకుంటాయన్న విషయంలో ఉన్నది.

మూడు గదులు, రెండు గదులు

మన భాషలలో ‘నాకు ఒకటి ఉన్నది’ అనే అర్థాన్ని చెప్పడానికి ప్రత్యేకమైన క్రియ లేదు. ‘కలిగియుండు’ అనే మాట గ్రంథాలలో ఉన్నదేకాని, ‘నేను ఇద్దరు అన్నలను కలిగియున్నాను’ అని ఎవరూ అనరు. వస్తువు ‘ఉన్నది’ అని చెప్పి, ఆ వస్తువుతో నాకు గల సంబంధాన్ని ‘నేను’ అనే మాటకు చేర్చే ప్రత్యయంతో తెలుపుతాము. కనుక సంబంధం ఎటువంటిదో ఆ ప్రత్యయాన్ని చూస్తే తెలుస్తుంది.

పాఠ్యపుస్తకాలలోని హిందీ, ఉర్దూలు ఈ సంబంధాలను మూడు గదులలో సర్దుతాయి. కొడుకులు, అన్నదమ్ములు, కాళ్ళు, చేతులు మొదటి గదిలోవి. వీటికి ‘నా’ అనే అర్థమిచ్చే ‘మేరే’ వస్తుంది: ‘మేరే దో బేటే హైఁ’, ‘మేరే దో హాథ్ హైఁ’. పుస్తకాలు, గొడుగులు, రూపాయలు రెండవ గదిలోవి. వీటికి ‘దగ్గర’ అనే అర్థమిచ్చే ‘పాస్’ కావాలి: ‘మేరే పాస్ దో కితాబేఁ హైఁ’. జ్వరం, ఆకలి, సంతోషం వంటివి మూడవ గదిలోవి. ఇవి మనకు కలుగుతాయి గనుక ‘నాకు’ అనే అర్థమిచ్చే ‘ముఝే’ వస్తుంది: ‘ముఝే బుఖార్ హై’.

తెలుగులో గదులు రెండే. ‘నాకు ఇద్దరు కొడుకులున్నారు’, ‘నాకు రెండు చేతులున్నాయి’, ‘నాకు జ్వరంగా ఉన్నది’ అనే మూడింటికీ ‘నాకు’ అనే మాటే వస్తుంది. పుస్తకాలకు మాత్రం ‘నా దగ్గర రెండు పుస్తకాలున్నాయి’ అంటాము. అనగా హిందీలోని మొదటి గదికీ మూడవ గదికీ మధ్య ఉన్న గోడ తెలుగులో లేదు. దగ్గర ఉన్న వస్తువులను వేరుచేసే గోడ మాత్రం రెండు భాషలలోనూ ఉన్నది.

తెలుగు విద్యార్థులు బడిలో వల్లించే విభక్తుల పట్టికను ఇక్కడ జ్ఞాపకం చేసుకోవచ్చు. ‘కి, కు, యొక్క, లో, లోపల’ అనేవి షష్ఠీ విభక్తి. ‘కు’ అనేది ఇచ్చుటకు సంబంధించిన ప్రత్యయం గదా, ‘యొక్క’ పక్కన ఎందుకు కూర్చున్నది అని చాలామంది పిల్లలు అడుగుతారు. ‘నాకు ఇద్దరన్నలు’ అనే వాక్యమే దానికి సమాధానం. ఇక్కడ ‘కు’ ఎవరికీ ఏదీ ఇవ్వడం లేదు, సంబంధాన్ని మాత్రమే చెబుతున్నది.

ఇక దక్కనీ సంగతి. పాతబస్తీ వీధులలో ‘మేరేకు దో బేటే హైఁ’, ‘తుమారేకు కిత్తే బచ్చే హైఁ?’ అనే మాటలు ప్రతిరోజూ వినిపిస్తాయి. కొడుకులకు ‘మేరేకు’, జ్వరానికి ‘మేరేకు’, పుస్తకాలకు మాత్రం ‘మేరే పాస్’. మాటలు ఉర్దూవి, గదుల అమరిక మాత్రం తెలుగుదే. దక్కనీ బాలిక ‘మేరేకు’ను మర్యాదగా ‘ముఝే’ అని మార్చి వ్రాసింది. తెలుగు బాలిక ‘నాకు’ను ‘ముఝే’ అని అనువదించింది. రెండు దారులూ ఒకే చోటికి చేరాయి.

దీనినిబట్టి దక్కనీలోని ‘కు’ తెలుగు నుండి వచ్చినదని అనుకోరాదు. అది ఉత్తరాది ‘కో’కు దక్కనులో నిలిచిన రూపం. తెలుగు ‘కు’తో దానికి గల పోలిక యాదృచ్ఛికం. ఉత్తరాది నుండి 14వ శతాబ్దంలో దక్కనుకు వచ్చిన భాష ఇక్కడి భాషల నడుమ కొన్ని వందల ఏళ్ళు బ్రతికింది. దానిలో మారినది ఆ ప్రత్యయాన్ని ఎక్కడ వాడాలన్న పద్ధతి. ఆ పద్ధతిని నేర్పినది తెలుగు ఒక్కటే అని చెప్పడానికి కూడా వీలు లేదు. మరాఠీవారు ‘మలా’ అనీ, కన్నడిగులు ‘ననగె’ అనీ ఇదే విధంగా ‘నాకు’ అనే అర్థమిచ్చే రూపంతో బిడ్డలను లెక్క చెబుతారు. దక్కను అంతటా ఇదే అలవాటు.

మాంసం దుకాణంలో ఒక పరీక్ష

కాళ్ళు, చేతులు, బంధువులు ఒకవైపు, కొనుక్కున్న వస్తువులు ఒకవైపు చేరడాన్ని భాషాశాస్త్రజ్ఞులు ఒక పేరుతో పిలుస్తారు. మొదటిది విడదీయరాని స్వామ్యం, రెండవది విడదీయదగిన స్వామ్యం. మెలనీసియా దీవుల భాషలను గురించి 1914లో వ్రాస్తూ ఫ్రెంచి పండితుడు లెవీ బ్రూల్ ఈ భేదాన్ని ప్రసిద్ధం చేశాడు. ‘విడదీయరానిది’ అన్నంత మాత్రాన నిజంగా విడదీయడానికి వీలులేనిదని అర్థం కాదు. గోళ్ళు కత్తిరించుకుంటాము, పన్ను ఊడిపోతుంది. భాష చూచేది వస్తువును కాదు, సంబంధాన్ని.

ఈ సంగతి తెలియాలంటే మాంసం దుకాణానికి వెళ్ళాలి. హైదరాబాదులో పాయా వండుకునేవారు పొద్దున్నే మేకకాళ్ళ కోసం వెళతారు. ‘మేకకు నాలుగు కాళ్ళున్నాయి’ అనేది జంతుశాస్త్రం. దుకాణదారుడు ‘నా దగ్గర నాలుగు కాళ్ళున్నాయి’ అంటే అది బేరం. అతడే ‘నాకు నాలుగు కాళ్ళున్నాయి’ అంటే వినేవారు నవ్వుతారు. ‘కాళ్ళు’ అనే మాట మూడు వాక్యాలలోనూ ఒకటే. మేకతో కాలికి ఉన్నది అవయవ సంబంధం, దుకాణదారుడితో ఉన్నది సరుకు సంబంధం. ప్రత్యయం ఆ రెండింటినీ వేరుచేస్తున్నది.

బంధువులతో కూడా ఇదే పరీక్ష చేయవచ్చు. ‘నా దగ్గర ఇద్దరు తమ్ముళ్ళున్నారు’ అనేది తప్పు వాక్యం కాదు, కాని దాని అర్థం వేరు. తమ్ముళ్ళు నలుగురో ఐదుగురో ఉండవచ్చు, వారిలో ఇద్దరు నా ఇంట్లో ఉంటున్నారని దాని భావం. హిందీలో కూడా ఇంతే. 1975లో వచ్చిన ‘దీవార్’ చిత్రంలో అన్న తన బంగళానూ, మోటారు కారునూ, బ్యాంకులోని ధనాన్నీ లెక్కపెట్టి, నీ దగ్గర ఏమున్నదని తమ్ముణ్ణి అడుగుతాడు. తమ్ముడు అదే ‘పాస్’ను వాడి తల్లి పేరు చెబుతాడు. సామాన్యంగా తల్లికి చేర్చని ఆ మాటను అక్కడ చేర్చినందువల్లనే ఆ సమాధానానికి అంత బలం వచ్చింది. తల్లి తనతో ఉంటున్నదన్న అర్థమూ, ఆస్తులన్నిటికీ ఆమె సాటి అన్న అర్థమూ ఒక్క మాటలో కలిశాయి.

అయితే తెలుగులోని గోడ సరిగ్గా ‘శరీరం, బంధువులు’ అన్న చోటనే లేదని కూడా గమనించాలి. ‘నాకు రెండెకరాల పొలం ఉన్నది’ అంటాము. పొలం కొనవచ్చు, అమ్మవచ్చు. అయినా అది ‘నాకు’ గదిలోనే ఉన్నది. డబ్బు రెండు గదులలోనూ తిరుగుతుంది. ‘ఆయనకు డబ్బున్నది కాని ఇప్పుడు ఆయన దగ్గర డబ్బు లేదు’ అనే వాక్యంలో విరోధం ఏమీ లేదు. ఆయన ధనవంతుడు, కాని జేబు ఖాళీగా ఉన్నది. దీనినిబట్టి తెలుగు ముఖ్యంగా చూచేది స్థిరంగా మనతో ముడిపడి ఉన్నదా, చేతికి అందుబాటులో ఉన్నదా అనే విషయమని తోస్తుంది. అవయవాలూ, బంధువులూ స్థిరమైన సంబంధానికి అందరికంటె ముందు నిలిచే ఉదాహరణలు.

‘నీ పుస్తకం’, ‘మీ నాన్న’

తెలుగు ఇంతటితో ఆగలేదు. ఈ వాక్యం చూడండి: ‘నువ్వు నీ పుస్తకం తీసుకుని మీ నాన్నతో రా.’ ఏ ఉపాధ్యాయుడైనా ఏ పిల్లవాడితోనైనా అనగల మాట ఇది. పిల్లవాడు ఒక్కడే, వాణ్ణి ‘నువ్వు’ అనే పిలుస్తున్నారు. పుస్తకానికి ‘నీ’ వచ్చింది. నాన్నకు మాత్రం ‘మీ’ వచ్చింది. అన్నదమ్ములెవరూ లేని ఒక్కగానొక్క కొడుకు కూడా ‘మా అమ్మ’ అనే అంటాడు. వాణ్ణి గురించి ఇతరులు చెప్పేటప్పుడు ‘వాళ్ళ అమ్మ’ అంటారు. ‘నా అమ్మ’ అనేది పాటలలోనూ అనువాదాలలోనూ కనిపిస్తుంది, ఇంట్లో వినిపించదు. ‘నీ’ని అమ్మకు చేర్చితే అది కలహాలలో వినిపించే తిట్టు అవుతుంది.

ఈ బహువచనం గౌరవం కోసం వచ్చినదని కొందరంటారు. కాని ‘మా తమ్ముడు’, ‘మా చెల్లెలు’ అనేటప్పుడు గౌరవానికి చోటు లేదు. ‘మా ఇల్లు’, ‘మా ఊరు’, ‘మా బడి’ అనే మాటలతో కలిపి చూస్తే కారణం తెలుస్తుంది. బంధువులు ఒక మనిషికి చెందినవారు కారు, ఒక ఇంటికి చెందినవారు. అందుకే ‘మా చెయ్యి’ అని ఒక్క మనిషి అనడు. చెయ్యి ఇంటిది కాదు, ఒంటిది. ఈ విధంగా ‘నాకు, నా దగ్గర’ అనే భేదంలో ఒకే గదిలో ఉన్న అవయవాలనూ బంధువులనూ ‘నా, మా’ అనే భేదం మళ్ళీ వేరుచేస్తున్నది. ఇందులో కూడా మినహాయింపులున్నవి. భార్య, భర్త, కొడుకు, కూతురు అనే మాటలకు ‘నా’ చేర్చినా వినడానికి ఎబ్బెట్టుగా ఉండదు. కాని భార్యను ‘ఆవిడ’ అన్నప్పుడు ‘మా ఆవిడ’ అనే అనాలి.

చాలా పూర్వం ఈ ముడి ఇంకా గట్టిగా ఉండేది. ప్రాచీన తమిళంలో ‘ఎందై’ అంటే నా తండ్రి, ‘నుందై’ అంటే నీ తండ్రి, ‘తందై’ అంటే అతని తండ్రి. ఎవరికీ చెందని ఉత్త ‘తండ్రి’ అనే మాటకు చోటు లేదు. ద్రావిడ భాషలన్నిటినీ పోల్చిన పండితులు మూల ద్రావిడంలో బంధువాచకాలు ఈ విధంగానే సర్వనామాన్ని అంటిపెట్టుకుని ఉండేవని చెబుతారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం బోధించిన భద్రిరాజు కృష్ణమూర్తి ఆ పండితులలో అగ్రగణ్యులు. మన ‘తండ్రి’లోని మొదటి భాగం, ‘తమ్ముడు’లోని ‘తమ్’ ఆనాటి ‘తన’, ‘తమ’ అనే అర్థాల అవశేషాలు. రాతిలో మిగిలిన గవ్వ ముద్ర వలె అవి మిగిలాయి. అర్థం మరచిపోయినందువల్లనే ఇప్పుడు ‘నా తండ్రి’ అంటున్నాము. చరిత్ర ప్రకారం విడదీస్తే అది ‘నా తన తండ్రి’ అవుతుంది.

ఫిజీలో తల, ఇల్లు

ప్రాచీన తమిళంలో మనం చూచిన ముడి నేటికీ సజీవంగా ఉన్న భాషలు పసిఫిక్ సముద్రపు దీవులలో చాలా ఉన్నవి. వాటిలో ఫిజీ మనకు కొత్తది కాదు. 1903 నుండి 1916 వరకు మద్రాసు రేవు ద్వారా చెరకు తోటల కూలీలుగా వెళ్ళినవారిలో తెలుగువారు ఉన్నారు. వారి సంతతి నేటికీ అక్కడ ఉన్నది. ఆ దేశపు మూలవాసుల భాషలో తలను ‘ఉలు’ అంటారు, ‘నా తల’ అనాలంటే దాని చివర ‘అంగు’ శబ్దంలోని ‘ంగు’ను అంటించి ‘ఉలుంగు’ అంటారు. తండ్రి ‘తమ’, నా తండ్రి ‘తమంగు’. తల్లి ‘తిన’, నా తల్లి ‘తినంగు’. కాని ‘వలె’ అంటే ఇల్లు. దానికి ఆ ప్రత్యయాన్ని నేరుగా అంటించరాదు. ‘నొ’ అనే మరొక ముక్కకు దానిని అంటించి, ‘నొంగు వలె’ అని రెండు మాటలుగా చెప్పాలి. తల నాకు నేరుగా అంటుకున్నది, ఇంటికీ నాకూ మధ్య ఒక మధ్యవర్తి నిలిచాడు.

తినే వస్తువులకు ఆ భాషలో మధ్యవర్తి వేరు, అది ‘కె’. ‘కెంగు ఉవి’ అంటే నేను తినే పెండలం. నా భుజాల మీద ఉన్న తల ‘ఉలుంగు’. భోజనంలో నా వంతుకు వచ్చిన చేప తలకు మాత్రం ‘కెంగు ఉలు’ అనాలి. మన దుకాణంలోని మేకకాళ్ళ కథే ఇక్కడ మరొక రూపంలో కనిపిస్తున్నది.

ఇటువంటి భేదం అరుదైనది కాదు. నికల్స్, బికెల్ అనే పండితులు 243 భాషలను పోల్చి 2005లో ప్రకటించిన పట్టికలో, ‘నా తల’, ‘నా ఇల్లు’ వంటి పదబంధాలలో ఏ తేడా చూపనివి 125, రెండు గాని అంతకు మించి గాని తరగతులు చేసేవి 118. అనగా దాదాపు సగం. అయితే ఏ మాటలు ‘విడదీయరాని’ తరగతిలో చేరుతాయన్నది ప్రతి భాషకూ వేరు. కొన్నింటిలో బంధువులే ఉంటారు, కొన్నింటిలో అవయవాలే ఉంటాయి, కొన్నింటిలో రెండూ ఉంటాయి. ఫిజీ భాషలో పేరు కూడా తలతో పాటు చేరింది.

కారణం ఏమిటి?

దీనికి రెండు సమాధానాలున్నవి. మొదటిది సామీప్యం. మనసులో దగ్గరగా ఉన్నవి మాటలో కూడా దగ్గరగా ఉంటాయని జాన్ హైమన్ 1983లో వాదించాడు. తల నాలో భాగం గనుక ‘ఉలుంగు’ ఒకే మాట అయింది. ఇల్లు నాకు వెలుపలిది గనుక మధ్యలో ‘నొ’ చేరింది.

రెండవది అలవాటు. దీనిని మార్టిన్ హాస్పెల్మత్ బలపరచాడు. ‘తల’, ‘తల్లి’ అనే మాటలు దాదాపు ఎప్పుడూ ఎవరో ఒకరి తలగా, ఎవరో ఒకరి తల్లిగానే వస్తాయి. చెట్టు, రాయి, ఇల్లు అనే మాటలు ఎవరివో చెప్పకుండానే తరచుగా వస్తాయి. వినేవాడు ముందుగానే ఊహించగలిగిన దానిని పొట్టిగా చెప్పినా చాలు. ఊహించలేని దానికి అదనపు గుర్తు కావాలి. ఈ అదనపు ముక్క కొన్ని భాషలలో రెండు మాటల మధ్య కాక పక్కన నిలుస్తుంది. సామీప్యమే కారణమైతే అది మధ్యలోనే ఉండాలి గదా అని ఈ పక్షంవారు అడుగుతారు.

తెలుగు కూడా ఈ రెండవ వాదానికి కొంత సాక్ష్యమిస్తుంది. ‘కాళ్ళు కడుక్కున్నాను’, ‘తల దువ్వుకున్నాడు’ అంటాము. ఎవరి కాళ్ళు, ఎవరి తల అని ఎవరూ అడగరు. ‘వాడికి వేలు తెగింది’ అంటే వేలు వాడిదే. ‘వాడికి తాడు తెగింది’ అని మాత్రం అనము, ‘వాడి తాడు తెగింది’ అనాలి. వేలు ఎవరిదో విడిగా చెప్పనక్కరలేదు, తాడు ఎవరిదో చెప్పాలి. కాని ‘మీ నాన్న’లోని ‘మీ’ని ఈ రెండు సమాధానాలలో ఏదీ వివరించదు. అది ‘నీ’ కంటె పొట్టిదీ కాదు, నాన్నకు దగ్గరదీ కాదు. అక్కడ పనిచేసినది ఇంటిని గురించి మన సమాజానికి ఉన్న భావన. కాబట్టి ఒకే కారణంతో అన్ని భాషలనూ కొలవడం కుదరదు.

తరగతి గదిలో ఈ విషయాన్ని పరీక్షించడానికి ఒక గంట చాలును. అక్క, వేలు, పొలం, గొడుగు, డబ్బు, మేకపిల్ల అనే ఆరు మాటలు నల్లబల్ల మీద వ్రాసి, ఒక్కొక్కదానికి ‘నాకు’, ‘నా దగ్గర’, ‘నా’, ‘మా’ అనే నాలుగింటినీ చేర్చి చూడమని పిల్లలతో చెప్పండి. ఏది అతుకుతుందో, ఏది అతకదో, ఏది అతికినా అర్థం మారుతుందో వారే పట్టిక వేస్తారు. ఇంట్లో దక్కనీ గాని, మరాఠీ గాని, లంబాడీ గాని మాట్లాడే పిల్లలు తమ భాషలో మరొక వరుస చేర్చవచ్చు. మేకపిల్ల దగ్గర పిల్లలు రెండు పక్షాలుగా చీలితే తొందరపడి తీర్పు చెప్పకండి. ఇళ్ళలో మేకలను పెంచేవారూ పెంచనివారూ వేరుగా మాట్లాడుతున్నారేమో ముందు అడిగి చూడండి.

మా సందులోని ఇద్దరు బాలికలకు నేను ఇదే పట్టిక వేసి చూపించాను. పరీక్షలో ‘మేరే’ అనే వ్రాయాలి, అది ఆ భాష నియమం. కాని ‘మేరేకు’ అనేది తెలియనివారి తప్పు కాదు, అది మరొక భాష నియమం. ఎర్రగీతతో పాటు ఆ ఒక్క మాట కూడా చెప్పి ఉంటే ఆ పిల్లలు రెండవసారి ఆ తప్పు వ్రాసి ఉండేవారు కారు. ఇంట్లో తమ తల్లి మాట్లాడే మాట తప్పుడు మాట అని అనుకుని ఉండేవారూ కారు.